బిల్లులో లేని సీసా

మా అమ్మ ఎవరినీ ఊరికే నమ్మే మనిషి కాదు. పాలమ్మే ఆమె ముందు నిలబడి చెంబు వంచి అడుగు చూసేది. గద్వాలలో మాకు పట్టు, జరీ ఇచ్చి చీరలు నేయించుకునే సావుకారు అన్నా ఆమెకు అంతే. ఆయన దుకాణంలో తూచి ఇచ్చిన పట్టును దారిలో కిరాణా కొట్టు తక్కెడలో మళ్లీ తూయించేది. కొట్టాయన విసుక్కునేవాడు, కానీ తూచేవాడు. ఆమెతో వాదించడం కంటే తూచడమే తొందరగా అయిపోతుందని ఆ వీధిలో అందరికీ తెలుసు.

ఆమె అనుమానానికి ఒక పద్ధతి ఉండేది. నేతపనిలో సావుకారు ఇచ్చిన ప్రతి తులం పట్టుకూ లెక్క చెప్పాలి. చీరలో పోయింది ఎంత, మిగిలింది ఎంత, తెగిన దారాలు ఎంత. ఆ తెగిన దారాలను కూడా మూటకట్టి వాపసు ఇవ్వాలి. దారం చుట్టుకునే కండెలు ఖాళీ అయినా సరే, లెక్క ప్రకారం అప్పజెప్పాలి. కాబట్టి మా ఇంట్లో ఖాళీది ఏదైనా సరే, లెక్క తేలేదాకా పారెయ్యరు. ఈ అలవాటును అమ్మ దవాఖానకు కూడా తీసుకుపోతుందని మేమెవరం అనుకోలేదు.

ఇంకొక్క సంగతి ముందే చెప్పాలి. మా నాయనకు ఒక్కడే తమ్ముడు. ఇద్దరూ ఒకే ఇంట్లో రెండు మగ్గాల మీద, సావుకారు దగ్గర ఒకే ఖాతా కింద నేసేవాళ్లు. ఒక సంవత్సరం చిన్నాయన పేరున తెచ్చిన రెండు కిలోల పట్టులో, చీరలు అప్పజెప్పే రోజు, ఆరు తులాలు తక్కువ వచ్చింది. పట్టు వానల్లో తెచ్చింది. చిన్నమ్మ కాన్పు కష్టమై ఆయన మగ్గం నెలల తరబడి ఆగింది. తూకం వేసింది ఎండాకాలంలో. వానల్లో పట్టు తేమ పీల్చి బరువెక్కుతుంది, ఎండల్లో ఆరి తేలికవుతుంది. ఇది సాలోళ్ల ఇంట్లో చంటిపిల్లకు కూడా తెలుసు. చిన్నాయన అదే చెప్పబోయాడు. అమ్మ చెప్పనివ్వలేదు. "పట్టుకు కాళ్లొచ్చి నడిసిపోయినాదా" అని వీధి అంతా వినేలా అడిగింది. ఆ మాట తర్వాత ఆయన మగ్గం విప్పుకుని వేరే వీధికి పోయాడు. ఆరేళ్లు మా రెండిళ్ల మధ్య మాట లేదు. నాయన ఆ ఆరేళ్లలో ఎప్పుడూ అమ్మను ఏమీ అనలేదు. ఆయన మౌనం నాకు కోపం తెప్పించేది. ఇప్పటికీ తెప్పిస్తుంది.

ఎనభైల చివర అది. నేను ఇంటర్ ముగించి ఇంట్లో కండెలు చుడుతున్నాను. ఒక మధ్యాహ్నం నాయన కాళ్లు దించి కూర్చునే మగ్గం గుంటలోంచి పైకి రాలేక అక్కడే వంగిపోయాడు. బయటికి తీస్తే రక్తం కక్కాడు. ఇద్దరు పక్కింటివాళ్లు రిక్షాలో వేసి ఊళ్లోని ప్రైవేటు దవాఖానకు తెచ్చారు. కడుపులో పుండు పగిలిందని, ఆ పూటే కోయాలని, మత్తు డాక్టరును కర్నూలు నుంచి కారులో పిలిపిస్తామని డాక్టరు చెప్పాడు. ముందు వెయ్యి రూపాయలు కట్టాలన్నారు. అమ్మా నేనూ సావుకారు దగ్గరికి పరుగెత్తాం. ఆయన లేడు, కూర్చోమన్నారు. వచ్చి పైసలు ఇచ్చి పద్దు రాసుకునేసరికి చాలాసేపయింది. మేం తిరిగి వచ్చేసరికి ఆపరేషన్ నడుస్తున్నది. "రక్తం తక్కువైంది, ఒక సీసా ఎక్కించినం, దొరికింది" అని నర్సమ్మ చెప్పి లోపలికి పోయింది.

దొరికింది అన్న మాట అమ్మకు నచ్చలేదు. దొరికిందంటే ఎక్కడ దొరికింది, ఎంతకు దొరికింది అని ఆమె ఆ క్షణం నుంచే లెక్క మొదలుపెట్టింది. మొగుడు లోపల బల్ల మీద ఉన్నాడు, ఆమె బయట బల్ల మీద కూర్చుని రక్తం సీసా ధర ఎంతుంటుందో పక్కవాళ్లను అడుగుతున్నది. ఆరోజు నాకు ఆమె మీద అసహ్యం వేసింది. భయపడ్డప్పుడు ఆమె చేసే పని అదేనని తెలుసుకోవడానికి నాకు పిల్లలు పుట్టేదాకా పట్టింది.

నాయనకు మూడో రోజు మాట వచ్చింది. అడిగిన మొదటి మాట, తమ్మునికి తెలుసా అని. అమ్మ దిండు సర్దుతూ, ఊరంతా తెలుసు, ఆయనకు తెలియకుండా ఎట్లుంటుంది, వచ్చేటోడైతే ఇప్పటికే వచ్చేటోడు అంది. నాయన నా వైపు చూశాడు. పోయి పిలుచుకురమ్మని ఆ చూపు. నేను లేచాను. "కూసో" అంది అమ్మ. నేను కూర్చున్నాను. ఆ తర్వాత నాయన రోజుకొకసారి అడిగేవాడు. ఆరోరోజు నుంచి అడగడం మానేసి తలుపు వైపు చూసేవాడు. చనిపోతానేమోనన్న భయంలో తమ్ముణ్ని ఒక్కసారి చూడాలని ఆయనకు ఉండింది. అమ్మకు తెలుసు, నాకూ తెలుసు. ఇంట్లో చావుబతుకులున్నా గడప తొక్కనివాడు మనిషేనా అని అమ్మ రోజూ తీర్పు చెప్పేది. ఆరు తులాల దొంగతనానికి ఇప్పుడు ఇంకో సాక్ష్యం దొరికినట్టే ఆమెకు.

ఈలోగా మంచం కింద మూట పెరుగుతున్నది. గ్లూకోజు సీసా ఖాళీ కాగానే ఆయమ్మ పట్టుకుపోవడానికి వచ్చేది. ఖాళీ సీసాలు అక్కడ ఆయమ్మల హక్కు, అమ్ముకుంటారు. అమ్మ ఇవ్వలేదు. లెక్క తేలినాక నువ్వే తీసుకో అంది. ఇంజక్షన్ల చిన్న సీసాలు కూడా గుడ్డపేలికలో కట్టి పెట్టింది. ఆయమ్మ రెండు రోజులు మా గది ఊడ్వలేదు. నేను ఊడ్చాను.

తొమ్మిదో రోజు, రేపు ఇంటికి పంపుతామని డాక్టరు చెప్పి పోయాక, బిల్లు చీటీ వచ్చింది. అరచేతంత కాగితం. ఆపరేషన్, బెడ్డు, మందులు, ఇతరములు, మొత్తం నాలుగు వేల మూడు వందల ఎనభై. కట్టినది వెయ్యి. కట్టవలసినది మూడు వేల మూడు వందల ఎనభై. అమ్మకు చదువు రాదు. నేను రెండుసార్లు చదివాను. "ఇతరములు అంటే ఏంది" అని అడిగింది. నాకు తెలియదన్నాను. "గిది మూట లెక్క. మూట నేను కొనను. విప్పి సూపియ్యమను" అంది.

అర్జీ నేనే రాశాను, నోటుపుస్తకంలోంచి చించిన కాగితం మీద. డాక్టరుగారికి నమస్కరించి, మా నాయన వైద్యానికి అయిన ఖర్చును ఏ పద్దుకు ఎంత, ఎన్ని రోజులకు, ఎందుకు వేసినారో విడివిడిగా రాసి ఇప్పించగలరని, ఆ వెంటనే పైకం చెల్లిస్తామని. చివరి మాట అమ్మ చెప్పి రాయించింది. ఎగ్గొట్టడానికి అడుగుతున్నామని అనుకోకూడదు, అది ఆమె పౌరుషం.

బిల్లుల గది మెట్ల కింద ఉండేది. లోపల బల్ల వెనుక, ముక్కు కొసన అద్దాలు పెట్టుకుని ఒక నడివయసాయన. అర్జీ చదివి, తిప్పి వెనక్కి చూసి, మళ్లీ చదివాడు. ఇట్లాంటి కాగితం ఇక్కడ ఎవరూ ఇవ్వరని, ఇది సర్కారు కచేరీ కాదని చెప్పాడు. నా మొహం, అమ్మ మొహం మార్చి మార్చి చూసి గొంతు తగ్గించాడు.

"ఎవరు పంపిన్రమ్మా మిమ్మల్ని?"

"నా కాళ్లే తీస్కొచ్చినయ్" అంది అమ్మ.

ఆయనకు మా మీద అనుమానం అని అప్పుడు అర్థమైంది. ఎదుటి వీధిలో కొత్తగా తెరిచిన దవాఖానవాళ్లో, పేపరుకు రాసేవాళ్లో మమ్మల్ని ముందుకు తోశారనుకున్నాడు. అమ్మకు ఆయన మీద అనుమానం, ఆయనకు మా మీద. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్న తీరు చూస్తే నాకు లోపల నవ్వు వచ్చింది. చివరికి ఆయన అర్జీ పట్టుకుని డాక్టరు గదికి పోయాడు. తిరిగి వచ్చినప్పుడు దాని మూలన ఎర్ర సిరాతో, వివరంగా ఇవ్వండి అని ఉంది. పొద్దున రమ్మని, మా వైపు చూడకుండా చెప్పాడు.

పొద్దున అమ్మ మూట భుజాన వేసుకుని వచ్చింది. సీసాలు గలగలమంటుంటే వరండాలో కూర్చున్నవాళ్లంతా తలెత్తి చూశారు. నేను పది అడుగులు వెనక నడిచాను. బిల్లు రాసే ఆయన రెండు నిలువు కాగితాలు ముందు పెట్టాడు. రాత్రి కూర్చుని రాసినట్టుంది. దస్తూరి ముచ్చటగా ఉంది. అమ్మ ఆయన ఎదుట నేల మీదే కూర్చుని, మూట విప్పి, చదవమంది. ఒక్కో పద్దు ఆయన చదవాలి, ఎందుకో చెప్పాలి. ఆమెకు ఒప్పుదల అయితే "ఊ" అంటుంది. అప్పుడే తర్వాతి పద్దు. సావుకారు దగ్గర కూడా ఆమె తీరు ఇదే.

బెడ్డు పది రోజులు, రోజుకు ముప్పై. మేం వచ్చింది మధ్యాహ్నం, పోయేది పొద్దున, పది ఎట్లయింది అని అడిగింది. ఇక్కడ దినం లెక్క, గంటల లెక్క కాదు, చేరిన రోజు, పోయే రోజు రెండూ పడతాయి, గోడ మీద బోర్డు కూడా ఉంది అని చూపించాడు. నేను చదివి నిజమే అన్నాను. ఊ. మత్తు డాక్టరు ఫీజు ఐదు వందలు, ఆయన కర్నూలు కారు కిరాయి రెండు వందలు వేరే. కారు డ్రైవరు సంతకం చేసిన చీటీ చూపించాడు. అమ్మ దాన్ని వెలుతురుకు పట్టి చూసి, చదవలేకపోయినా, ఊ అంది. కరెంటు పోయినప్పుడు నడిపిన జనరేటరుకు ఆపరేషన్ రోజు అరవై. ఆ రోజు కరెంటు పోవడం నాకు గుర్తుంది. ఊ.

గ్లూకోజు సీసాలు పదహారు.

అమ్మ అందుకోసమే కాచుకుని ఉంది. మూటలోంచి ఒక్కొక్కటి తీసి నేల మీద వరసగా నిలబెట్టింది. పదమూడు. తలుపు దగ్గర ఆయమ్మ నిలబడి చూస్తున్నది. ఆయన లేచి, ఆపరేషన్ పుస్తకం తెచ్చి, తేదీ చూపి, మూడు సీసాలు లోపల థియేటర్లో ఎక్కాయని, అక్కడి ఖాళీలు బయటికి రావని చెప్పాడు. నర్సమ్మను పిలిచి అడిగించింది అమ్మ. ఆమె కూడా అదే చెప్పింది. అమ్మ సీసాలకేసి కొంచెంసేపు చూసి, అయిష్టంగా ఊ అంది. ఇంజక్షన్ల దగ్గర మాత్రం ఆమె గెలిచింది. వాడని నాలుగు ఇంజక్షన్లు ఆరోరోజు లోపలి మందుల షాపుకు వాపసు ఇచ్చాం. షాపాయన రాసిచ్చిన చీటీ ఆమె కొంగున ముడివేసి ఉంది. బిల్లులో తగ్గించలేదు. ఒక్కోటి పద్దెనిమిది చొప్పున డెబ్బై రెండు. ఆయన చీటీ చూసి, పొరపాటైందని చెవులు ఎర్రబడి, అక్కడికక్కడే కొట్టేసి తగ్గించాడు. అమ్మ నా వైపు చూసింది, చూశావా అన్నట్టు. నాకూ గర్వంగానే ఉండింది, ఎందుకు దాచాలి.

ఆ ఊపులో ఆమె రక్తం దగ్గరికి వచ్చింది. ఆయన చదివాడు. రక్తం గ్రూపు పరీక్షలు రెండు, ఇరవై చొప్పున నలభై. కలుస్తుందో లేదో చూసే పరీక్ష ఒకటి, నలభై. రక్తం ఎక్కించే సెట్టు ఒకటి. అంతే చదివి కింది పద్దుకు పోబోయాడు.

అమ్మ ఆపింది. పేషెంటు ఒక్కడు, గ్రూపు పరీక్షలు రెండెందుకు అని అడిగింది. ఆయన పేషెంటుకు ఒకటి, ఇచ్చినవారికి ఒకటి అన్నాడు. అయితే సీసా ఖరీదు ఏది అంది. అది లేదన్నాడు. లేదంటే ఏంటి, ఎక్కడ కలిపారు, ఇతరములలో దాచారా అని అమ్మ. వేసిన దాన్ని అనుమానించేవాళ్లను చూశాను గానీ, వెయ్యని దాన్ని అనుమానించే మనిషిని ఇప్పుడే చూస్తున్నానని ఆయన నాతో అన్నాడు. అమ్మ వినిపించుకోలేదు.

"రక్తం ఉట్టిగ ఎవడిస్తడు సారూ? సీసా పైసలు యాడ వేసిన్రో సూపెట్టున్రి."

ఆయన అద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు. రక్తం ఇచ్చినాయన చెప్పకూడదని తన దగ్గర మాట తీసుకున్నాడని, ఇక మీరు కాగితం రాసి మరీ ప్రతి పద్దుకూ వివరం అడిగారు కాబట్టి తన తప్పు లేదని, చాలాసేపు నసిగాడు. అప్పుడు లేచి లాబు నుంచి ఒక పొడుగు రిజిస్టరు తెచ్చి, తేదీ దగ్గర వేలు పెట్టి నా వైపు తిప్పాడు. నేను చదివాను. ఇంటిపేరు మాది. గ్రూపు నాయనదే. సంబంధం అన్న గడిలో తమ్ముడు అని రాసి ఉంది. పక్కన వంకర సంతకం. సావుకారు పద్దు పుస్తకంలో నేను చిన్నప్పటి నుంచి చూసిన సంతకం అది.

నేను పైకి చదవలేదు. అమ్మ నా మొహం చూసి, ఎవరు అని అడిగింది. చిన్నాయన అన్నాను.

ఆమె మొదట అడిగినది ఇదే. "ఎంత తీస్కున్నడు?"

ఈ ప్రశ్నకు నేను ఆమెను చాలా ఏళ్లు క్షమించలేదు. బిల్లు రాసే ఆయన మాత్రం, వివరం అడిగారు కాబట్టి ఇదీ ఒక పద్దే అన్నట్టు, నెమ్మదిగా చెప్పాడు. పక్కింటివాళ్లు చెబితే వచ్చాడు. మీరు పైసల కోసం పోయినప్పుడు రక్తం కావలసి వచ్చింది. బయట ఎక్కడా దొరకలేదు, ఆయనది కలిసింది. పైసలిస్తామన్నా తీసుకోలేదు, ఇచ్చిన పాలు కూడా తాగలేదు. రక్తం ఇచ్చాక ఈ మెట్ల మీదే కూర్చున్నాడు. మీరు గేటులోంచి వస్తుంటే చూసి వెనక తలుపు నుంచి పోయాడు.

"చెప్తె మా వదిన రక్తం గూడ వద్దంటది, అన్న పానం వోతది, చెప్పకున్రి అన్నడు" అన్నాడాయన.

అమ్మ ఊ అనలేదు. నేల మీద నిలబెట్టిన పదమూడు సీసాలను మళ్లీ లెక్కపెట్టింది. నాకు తెలుసు, ఆమెకు లెక్క కావలసి కాదు. చేతులకు ఏదో ఒక పని కావాలి. ఆయమ్మ వచ్చి పక్కన కూర్చుంటే, సీసాలన్నీ ఆమె వైపు తోసింది. మిగిలిన పద్దులు ఆయన చదువుతుంటే అమ్మ దేన్నీ ఆపలేదు, ఏదీ అడగలేదు. ఇతరములు అంటే ఏమిటో నేనే అడిగి తెలుసుకున్నాను. డ్రెస్సింగు, దూది, పరుపు మీది రబ్బరు గుడ్డ.

సావుకారు దగ్గర ఇంకో అప్పు రాయించి, అమ్మ వెండి వడ్డాణం కుదువబెట్టి, మూడు వేల మూడు వందల ఎనిమిది కట్టాం. నాయనను రిక్షాలో ఎక్కించాం. ఆయనకు ఇంకా ఎవరూ ఏమీ చెప్పలేదు. మా వీధి మలుపు దగ్గర అమ్మ రిక్షా దిగింది. నాయనను పక్కింటివాళ్లకు అప్పజెప్పి, నన్ను రమ్మని, కొంగులో మడిచిన బిల్లు కాగితాలతో చిన్నాయన ఉండే వీధికి నడిచింది. ఆమె మళ్లీ ఏం అంటుందో అని నాకు భయంగా ఉండింది. రక్తం ఇచ్చి ఏం ఆశిస్తున్నావని అడిగినా అడుగుతుంది, ఆమెను నమ్మలేం. ఆ రోజు మా ఇద్దరిలో అనుమానం ఎక్కువున్నది నాకే.

చిన్నాయన మగ్గం గుంటలో ఉన్నాడు. ఆరేళ్లలో కణతలు నెరిశాయి. అమ్మను చూసి, పోగును అటూ ఇటూ తీసుకుపోయే నాడె ఆపాడు. చిన్నమ్మ తలుపు దగ్గరే నిలబడిపోయింది. అమ్మ ఎవరూ రమ్మనకముందే లోపలికి వచ్చి, గుంట ఒడ్డున, ఆయన ఎదుట నేల మీద కూర్చుంది. పొద్దున బిల్లుల గదిలో కూర్చున్నట్టే కాళ్లు మడుచుకుని కూర్చుంది.

"గా ఆరు తులాల పట్టు లెక్క జెప్పు మర్దీ. అప్పుడు నేను ఇనలే. ఒక్కొక్కటి జెప్పు."

ఆయన మగ్గం మీది పడుగు దారాల మీద చెయ్యి పెట్టాడు. కళ్లలో నీళ్లు చూసి నేను తల తిప్పుకున్నాను.

"వానలల్ల తెచ్చిన వదినా" అన్నాడు.

"ఊ."

"ఆమె కాన్పుకు మగ్గం ఆగింది."

"ఊ."

"ఎండలల్ల తూచిన్రు."

"ఊ" అంది అమ్మ. కొంగుతో మొహం తుడుచుకుని, మీ అన్న తలుపు దిక్కు చూసుకుంటూ పండుకున్నడు, లెవ్వు అంది. చిన్నాయన గుంటలోంచి పైకి వచ్చాడు.